ఫ్యామిలీ గ్రూప్‌లో ఇంటి గొడవ: ఎవరి వైపూ మొగ్గకుండా అందరి వాదనా రెండు పేజీల్లో రాయడం ఎలా?

కృష్ణాకాలువ

మా మేనత్త ఇంటి విషయం. తెనాలిలో 240 గజాల్లో ఇల్లు. మామయ్య వీలునామా రాయకుండానే పోయారు. కింది ఇల్లు ఆయన కట్టింది, పై అంతస్తు 2012లో చిన్నబావ కట్టాడు. అత్తయ్య, చిన్నబావ కుటుంబం అక్కడే ఉంటున్నారు. పెద్దబావ న్యూజెర్సీ, వదినది గుంటూరు. ఇల్లు అమ్ముదామని పెద్దబావ గ్రూప్‌లో పెట్టిన ఒక్క మెసేజ్‌తో మొదలై, మూడు వారాలుగా యుద్ధం నడుస్తోంది. పాత పెళ్లి ఖర్చులు, ఎవరు ఎవరికి ఫోన్ చేయలేదు, అన్నీ బయటికొచ్చాయి.

వచ్చే ఆదివారం మా నాన్న అందర్నీ కూర్చోబెడుతున్నారు. అత్తయ్యకు తమ్ముడు కాబట్టి పెద్దరికం ఆయనదే. "నేను ఆ గ్రూప్ అంతా చదవలేను, ఎవరు ఏమంటున్నారో రెండు పేజీల్లో రాసివ్వు, ఎవరి వైపూ మొగ్గకుండా" అని నాకు అప్పజెప్పారు. మొదలుపెట్టాను కానీ ఏ వాక్యం రాసినా ఎవరో ఒకరి గొంతులాగే వస్తోంది. ఉదాహరణకి మొదటి మూడు ఇవీ:

చిన్నబావ ఇల్లు వదలనంటున్నాడు, 18 లక్షలు ఖర్చుపెట్టానని లెక్క చెబుతున్నాడు.
పెద్దబావ అమ్మేయాలని పట్టుబడుతున్నాడు.
వదిన ఎకరం తీసుకుని కూడా వాటా అడుగుతోంది.

ఇవి చదివితే ముగ్గురికీ కోపం వస్తుందని నాకే తెలుస్తోంది. ఎలా మార్చాలి?

మబ్బులు

240 గజాలు ముగ్గురికీ అంటే తలా 80. కానీ రోడ్డు వైపు ఎవరికి వస్తుందన్నదే అసలు పేచీ. కింద పై అంతస్తు విడిగా లెక్క కట్టించి, ఎవరో ఒకరు ఉంచుకుని మిగతావాళ్లకి డబ్బు ఇస్తే అయిపోతుంది. మా ఊళ్లో ఇలాగే చేశారు.

కృష్ణాకాలువ

@మబ్బులు పంపకం ఎలా చేయాలన్నది నాన్న వాళ్లు చూసుకుంటారండి. నా పని ఎవరేమన్నారో రాయడం వరకే.

రమ_డెస్క్

పత్రికలో ఇరవై ఏళ్లకు పైగా కాపీ దిద్దిన అనుభవంతో చెబుతున్నాను. మీ మూడు వాక్యాల్లోనూ తప్పు క్రియలోనే ఉంది. "వదలనంటున్నాడు", "పట్టుబడుతున్నాడు", "తీసుకుని కూడా". విషయం చెప్పకముందే మనిషి మీద తీర్పు వచ్చేసింది. ముఖ్యంగా ఆ "కూడా". ఒక్క ముక్కలో మీ వదిన అత్యాశపరురాలు అయిపోయింది.

"అన్నారు", "కోరారు", "అభ్యంతరం చెప్పారు", ఈ మూడింటితో తొంభై శాతం పని జరిగిపోతుంది. "ఒప్పుకున్నారు" అనే మాట వాడితే అవతలివాళ్లు దాన్ని తప్పు ఒప్పుకోవడంగా చదువుతారు. "ఆరోపించారు" అంటే అది అబద్ధమేమో అన్న వాసన వస్తుంది. "వాపోయారు" అసలు వద్దు. ఒకరికి "అన్నారు" వాడి ఇంకొకరికి "వాదించారు" వాడినా తేడా తెలిసిపోతుంది. అందరికీ ఒకటే క్రియ వాడండి, చదవడానికి విసుగ్గా ఉన్నా ఫర్వాలేదు.

గౌరవం కూడా చూసుకోండి. మీకు బావలు కాబట్టి "అంటున్నాడు" అని అలవాటుగా వచ్చేస్తుంది, వదిన దగ్గరికి వచ్చేసరికి "అడుగుతోంది". కాగితంలో అందరికీ "గారు", "అన్నారు".

ఓరుగల్లు_వాణి

వదిన విషయంలో మాత్రం రాయాల్సింది రాయాలి కదా. పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చారంటే ఆమె వాటా అయిపోయినట్టే. పైగా ఆడపిల్ల పెళ్లి 1985 సెప్టెంబర్ 5కి ముందు అయిందా తర్వాత అయిందా అన్నది చూడాలి. ముందైతే వాటా లేదు. అది రాయకుండా తటస్థం అంటే ఎట్ల?

పాతగుమాస్తా

వాణి గారు, ఆ తేదీ హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణది. పిత్రార్జితంలో, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు హక్కు ఇచ్చింది. తర్వాత 2005లో కేంద్ర సవరణ వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఇప్పుడు కూతురికి పుట్టుకతోనే హక్కు. ఇక్కడైతే ఆ చర్చే అక్కర్లేదు. మామయ్య సొంతంగా సంపాదించి కొన్న స్థలం అయితే, వీలునామా లేకపోతే, 1956 చట్టం ప్రకారం భార్యకీ పిల్లలందరికీ సమానంగా వస్తుంది. పెళ్లి ఎప్పుడైందన్నది లెక్కలోకి రాదు. ముందే ఎకరం ఇచ్చారని వాటా దానంతటదే పోదు. హక్కు వదులుకుంటున్నట్టు రిజిస్టర్డ్ కాగితం రాసిస్తే వేరే సంగతి.

అయితే అడిగినావిడకి నేను చెప్పేది, ఇదంతా మీ కాగితంలో పెట్టకండి. నేను వకీలు దగ్గర గుమాస్తాగా చాలాకాలం పనిచేశాను. దావాలో ఏముంది, జవాబు దావాలో ఏముంది అని సారం రాయడమే నా పని. అందులో చట్టం రాయను. వాది ఇదన్నాడు, ప్రతివాది దీనికి ఇది అన్నాడు, ఈ ముక్కకి జవాబు చెప్పలేదు, అంతే. చట్టం తెలిసిన గుమాస్తా సారం రాస్తే అతను గెలుస్తాడనుకున్నవాడి వాదన పొడుగ్గా వస్తుంది. ఇది నేను కళ్లారా చూసింది.

చందు_డల్లాస్

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. నాకు ఎదురైన అసలు సమస్య వేరు. మా తమ్ముడు చాట్ సారాంశం రాశాడు. నేను ఉద్యోగంలో ఉండి రోజుకు రెండు ముక్కలు రాసేవాణ్ని, మా అక్క పేజీలు పేజీలు రాసేది. సారాంశంలో ఆమెకి పన్నెండు పాయింట్లు, నాకు రెండు. తర్వాత చూస్తే ఆమె పన్నెండూ ఒకే మాట, పన్నెండు సార్లు.

అందుకే రాతలో ఉన్నదాన్ని మాత్రమే తీసుకో. వాయిస్ మెసేజ్‌లు వదిలేయ్. అందులో ఏడుపులు, అరుపులు తప్ప పాయింట్ ఉండదు.

పాతగుమాస్తా

చందు గారు చెప్పిన మొదటి సగం బంగారం, రెండో సగం ప్రమాదం. ఏడ్చేవాళ్లు, అరిచేవాళ్లు ఎవరంటే టైప్ చేయడం రానివాళ్లు. ఈ గ్రూప్‌లో వాయిస్ పెట్టేది ఎవరు?

కృష్ణాకాలువ

అత్తయ్య ఒక్కరే. ఆవిడకి తెలుగు టైపింగ్ రాదు. అంతా వాయిసే.

పాతగుమాస్తా

అదే నేననేది. వాయిస్ వదిలేస్తే ఆ ఇంట్లో ఉంటున్న మనిషి, మీ మామయ్య భార్య, ఆవిడ మాట మొత్తం పోతుంది. రెండు పేజీలూ పిల్లల మాటే.

మీరు చాట్‌ని ఎలా తీసుకున్నారు? స్క్రోల్ చేసి చదువుతున్నారా, బయటికి తీశారా?

కృష్ణాకాలువ

Export chat కొట్టి, మీడియా లేకుండా తీశాను. ఫైలు పెద్దదైపోతుందని. వచ్చింది ఇలా ఉంది, పేర్లు మార్చి ఒక ముక్క పెడుతున్నాను:

```
14/06/25, 9:41 pm - చిన్నబావ: అమ్మ ఉన్నన్నాళ్లు అమ్మకం మాట వద్దు
14/06/25, 9:42 pm - వదిన: వాటాల కాగితం అయినా ముందు రాసుకుందాం
14/06/25, 9:43 pm - అత్తయ్య: <Media omitted>
14/06/25, 9:44 pm - పెద్దబావ: సరే
```

సాఫ్ట్‌వేర్_సుబ్బు

ఇక్కడే పెద్ద గొయ్యి ఉందండి. ఆ చివరి "సరే" దేనికి? అమ్మ ఉన్నన్నాళ్లు అమ్మొద్దు అన్నదానికా, వాటాల కాగితానికా, అత్తయ్య వాయిస్‌కా? యాప్‌లో అయితే ఆయన ఏ మెసేజ్‌కి రిప్లై కొట్టారో పైన చిన్న డబ్బాలో కనిపిస్తుంది. ఇలా బయటికి తీసిన ఫైల్లో ఆ డబ్బా రాదు. మెసేజ్ కింద పెట్టిన బొటనవేలు, దండం లాంటి రియాక్షన్లు కూడా రావు. అంటే ఒకరు అవునన్న సంగతి ఫైల్లో కనిపించకపోవచ్చు, లేదా తప్పు మాట పక్కన కనిపించవచ్చు.

కాబట్టి ఫైల్ని వెతుక్కోవడానికి మాత్రమే వాడండి. "సరే", "అలాగే", "నీ ఇష్టం", "మీరెలా అంటే అలా" లాంటి పొట్టి జవాబులన్నిటినీ ఫైల్లో గుర్తు పెట్టుకుని, ఆ తేదీ టైము పట్టుకుని ఫోన్లో అసలు చాట్‌కి వెళ్లి చూడండి. ఒప్పుదల అంతా ఆ పొట్టి జవాబుల్లోనే ఉంటుంది.

కృష్ణాకాలువ

ఇప్పుడే చూశాను. ఆ "సరే" వదిన మెసేజ్‌కి. నేనేమో చిన్నబావ మాటకి ఒప్పుకున్నట్టు నోట్ చేసుకున్నా.

సీమబిడ్డ

ఆ ఒక్క సరేతో ఆదివారం మీటింగ్ ఆదివారమే ముగిసేది కాదు.

రమ_డెస్క్

సుబ్బు గారు చెప్పినదానికి ఇంకోటి. "నీ ఇష్టం" అన్నదాన్ని ఒప్పుకున్నట్టు ఎప్పుడూ రాయొద్దు. మన ఇళ్లలో ఆ మాట అలిగినప్పుడే వస్తుంది. దండం ఎమోజీ కూడా అంతే, కొందరికి కృతజ్ఞత, కొందరికి "మీకో దండం". అర్థం తేలనివి ఉంటే "స్పష్టంగా చెప్పలేదు" అని రాసేయండి. జవాబు ఇవ్వకపోవడమూ ఒప్పుకోవడం కాదు. పెద్దబావకి రాత్రి అయితే ఇక్కడ పగలు, ఆయన చూసేసరికి వంద మెసేజ్‌లు దాటి ఉంటాయి.

ఓరుగల్లు_వాణి

డిలీట్ చేసిన మెసేజ్‌ల సంగతేంటి? మా గ్రూప్‌లో మా మరిది తిట్టి, పొద్దున్నే తీసేస్తాడు. అవి చూసినవాళ్లం ఉన్నాం కదా.

చందు_డల్లాస్

మా అక్క స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకుంది. మీటింగ్‌లో అవి బయటపెట్టింది. అక్కడితో మా అమ్మ లేచి వెళ్లిపోయింది. తర్వాత ఏడాది దాకా ఎవరం కూర్చోలేదు.

రమ_డెస్క్

తీసేసిన మాటని నేనైతే కలపను. వెనక్కి తీసుకున్నాడు కాబట్టి అది అతని వాదన కాదు. కింద ఒక వాక్యం చాలు: "కొన్ని మెసేజ్‌లు పంపినవారే తొలగించారు, వాటిని ఇందులో తీసుకోలేదు." అది అందరికీ ఒకేలా వర్తిస్తుంది కాబట్టి ఎవరూ నొచ్చుకోరు.

పాతగుమాస్తా

తిట్టు తీసేయండి, ఒప్పుకుంటాను. కానీ తిట్టులో విషయం ఉంటే ఆ విషయం తీసుకోవాలి. "దొంగ లెక్కలు చెప్పకు" అన్నది తిట్టు. అందులో విషయం ఏంటంటే, లెక్క మీద నమ్మకం లేదు, బిల్లులు చూడాలి అని. అలాగే "ఒక్కరైనా రూపాయి ఇచ్చారా" అన్నది ప్రశ్నలా ఉంటుంది. దాని లోపలి మాట "మిగతా ఇద్దరూ ఖర్చులో పాలు పంచుకోలేదు" అని. గొడవల్లో వాదనలన్నీ ప్రశ్నల రూపంలోనే వస్తాయి. ప్రశ్నని అలాగే దించితే ఎగతాళిలా ఉంటుంది. వాక్యంగా మార్చి, ఆ మనిషినే "మీరన్నది ఇదేనా" అని అడగాలి.

పై అంతస్తు గురించి ఇద్దరూ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి. ఒకటి చేసి చూపిస్తాను.

కృష్ణాకాలువ

వరసగా కాదు, వేరే వేరే రోజుల్లో అన్నవి:

చిన్నబావ: పైన నా చేతి డబ్బు 18 లక్షలు పోశాను. ఒక్కరైనా రూపాయి ఇచ్చారా?
పెద్దబావ: నాన్న రిటైర్మెంట్ డబ్బు ఏమైంది మరి, గాల్లో కలిసిందా?
చిన్నబావ (నాలుగు రోజుల తర్వాత): నాన్న ఇచ్చింది స్లాబుకి. అదీ 4.
పెద్దబావ: 7 అని నాన్నే నాతో ఫోన్లో చెప్పారు. దొంగ లెక్కలు చెప్పకు.
వదిన: ఎవరెంత పెట్టినా స్థలం నాన్నది.
చిన్నబావ: పదేళ్లు అమ్మానాన్నల్ని చూసుకుంది ఎవరు? దానికి లెక్క కడతారా?

పాతగుమాస్తా

నేనైతే ఇలా రాస్తాను. మనిషి వారీగా కాదు, విషయం వారీగా.

పై అంతస్తు ఖర్చు. చిన్నకుమారుడు తన సొంత డబ్బు 18 లక్షలు పెట్టానని, మిగతా ఇద్దరూ ఖర్చులో పాలు పంచుకోలేదని అన్నారు. స్లాబుకు తండ్రిగారు 4 లక్షలు ఇచ్చారని తర్వాత అన్నారు. ఆ 4 లక్షలు 18లో కలిసి ఉన్నాయా, వేరా అన్నది గ్రూప్‌లో చెప్పలేదు. పెద్దకుమారుడు తండ్రిగారు 7 లక్షలు ఇచ్చారని, ఆ సంగతి తండ్రిగారే తనకు ఫోన్లో చెప్పారని అన్నారు, చిన్నకుమారుడి లెక్క మీద సందేహం తెలిపారు. కుమార్తె, ఖర్చు ఎవరు పెట్టినా స్థలం తండ్రిగారిదని అన్నారు. తండ్రిగారి డబ్బు కొంత పై అంతస్తులో ఉందన్న దాంట్లో అన్నదమ్ముల మధ్య తేడా లేదు. ఎంత అన్నదే తేలాలి.

అమ్మానాన్నల్ని చూసుకున్న సంగతి ఇందులో కలపలేదు, గమనించండి. అది వేరే విషయం, దానికి వేరే పేరా. రెండూ ఒకచోట పెడితే సేవకి వెల కట్టినట్టు అవుతుంది. ఆయనే "లెక్క కడతారా" అని అడిగారు కదా.

సాఫ్ట్‌వేర్_సుబ్బు

ఆ చివరి రెండు వాక్యాలు చూడండి. మూడు వారాల గొడవలో ఇద్దరి మధ్య తేడా 3 లక్షలు, అంతే. చాట్ చదివితే 18 లక్షల గొడవలా ఉంది.

పాతగుమాస్తా

అలా కూడా రాయకండి సుబ్బు గారు. 3 లక్షలే అని మనం అంటే అది మన అభిప్రాయం. 4 లక్షలు 18లోనే ఉంటే సొంత డబ్బు 14 అవుతుంది, 7 ఉంటే 11 అవుతుంది. బయటయితే ఇంకో లెక్క. చిన్నబావ హౌసింగ్ లోన్ తీసుకుని ఉంటే ఆ స్టేట్‌మెంట్, మామయ్య పాస్‌బుక్‌లో 2012 నాటి పేజీలు, ఈ రెండూ తెస్తే తేలిపోతుంది. ఆ కాగితాల పేర్లు ఆ పేరా కింద రాయవచ్చు. ఎవరు తేవాలో రాయొద్దు.

కృష్ణాకాలువ

ఇది చదివాక వదిన పేరా నేనే రాశాను. చూడండి:

కుమార్తె వాటా. కుమార్తె ఇంట్లో సమాన వాటా కోరారు. చిన్నకుమారుడు, పెళ్లి సమయంలో పసుపు కుంకుమ కింద ఎకరం పొలం ఇచ్చారు కాబట్టి ఇంట్లో వాటా అడగడం తగదని అన్నారు. ఆ పొలం తండ్రిగారు ఇష్టపూర్వకంగా ఇచ్చారని, ఇంటి వాటాకు దానికీ సంబంధం లేదని, హక్కు వదులుకునే కాగితంపై సంతకం చేయనని కుమార్తె అన్నారు. పెద్దకుమారుడు ఈ విషయంపై తన అభిప్రాయం చెప్పలేదు.

రమ_డెస్క్

బాగుంది. "అడగడం తగదని" ఆయన మాటేనా, మీ మాటా?

కృష్ణాకాలువ

ఆయనన్నది "ఇంకేం కావాలి నీకు" అని.

రమ_డెస్క్

అయితే "ఆమెకు వాటా ముందే అందిందని" అనండి. అది ఆయన వాదనకి దగ్గరగా ఉంది, ఆమెను తప్పుపట్టినట్టూ ఉండదు. అసలు పరీక్ష ఏంటంటే, ఈ పేరా చిన్నబావకి ఇస్తే "అవును, నేనన్నది ఇదే, నాకంటే బాగా చెప్పావు" అనాలి. అదే పేరా వదినకిస్తే ఆవిడా అదే అనాలి.

మబ్బులు

ఇంత కష్టం ఎందుకు, ఆ అమ్మాయి వాళ్ల నాన్న అత్తయ్యకి తమ్ముడు. ఎంత తటస్థంగా రాసినా "మేనమామ మనిషి" అనే అంటారు. బయటివాళ్లతో రాయించడం మేలు కదా.

ఓరుగల్లు_వాణి

ఈ మాట మాత్రం నిజం. మా దగ్గర ఇట్లాంటివి ఇరువైపులా చుట్టం కాని పెద్దమనిషితోనే చెప్పిస్తరు.

పాతగుమాస్తా

చెప్పించడం వేరు, రాయడం వేరు. బయటి మనిషికి ఆ చాట్ అంతా ఇవ్వాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలి. అందులో పాతికేళ్ల సంసారం ఉంది. ఇంటి మనిషి రాయడంలో తప్పులేదు, కానీ ప్రతి ఒక్కరికీ తమ మాటలున్న భాగాన్ని ముందే పంపి సరిచూపించాలి. గ్రూప్‌లో పెట్టొద్దు, విడివిడిగా పంపాలి. "మీరన్నది సరిగ్గా వచ్చిందా, వదిలేసింది ఏమైనా ఉందా" అని రెండే ప్రశ్నలు. ఎదుటివాళ్లు అన్నదాన్ని మార్చమంటే మార్చకూడదు.

చందు_డల్లాస్

మా తమ్ముడు అది చేయలేదు. నా రెండు పాయింట్లలో ఒకటి నేను అననే లేదు.

కృష్ణాకాలువ

ఇంకో సందేహం. అందరూ చాట్‌లో మూడు వాటాలు అనే మాట్లాడుకుంటున్నారు. పాతగుమాస్తా గారు పైన భార్యకీ సమానంగా వస్తుందన్నారు. అంటే నాలుగు కదా? ఇది గ్రూప్‌లో ఎవ్వరూ అనలేదు, అత్తయ్య కూడా. ఆవిడ వాయిస్‌లన్నీ కూర్చుని విన్నాను. అన్నిట్లో ఉన్నవి రెండే మాటలు. "నేను బతికుండగా ఈ ఇల్లు అమ్మొద్దు", "పైన అద్దెకిచ్చిన గది డబ్బులు నా మందులకే వస్తున్నాయి, అవి ఆపొద్దు". ఆవిడకి వాటా ఉందన్న సంగతే ఆవిడకి తెలుసో లేదో. రాయాలా?

రమ_డెస్క్

వద్దు. ఎవరూ అనని మాట మీరు రాస్తే అది సారాంశం కాదు, ఐదో వాదన. అది ఎటు మొగ్గుతుందో కూడా చూడండి. అమ్మకం వద్దన్నవాళ్ల వైపు.

సాఫ్ట్‌వేర్_సుబ్బు

నేను ఒప్పుకోను. ముగ్గురూ తప్పు లెక్క మీద వాదించుకుంటున్నారని తెలిసి, ఆ లెక్కనే నీట్‌గా టైప్ చేసి ఇస్తే తప్పుని గట్టి చేసినట్టే. అందరిలో మాటకారి కాని మనిషికే నష్టం. ఆ మనిషి విధవరాలైన తల్లి.

పాతగుమాస్తా

నా పద్ధతి ఏంటంటే, సారాంశంలో పెట్టను. "వాటాల సంఖ్య గురించి గ్రూప్‌లో చర్చ జరగలేదు, మూడు అన్న లెక్కపైనే మాట్లాడారు" అని ఒక్క వాక్యం రాస్తాను. అది నిజం, ఎవరి పక్షమూ కాదు. మీ నాన్నకి మాత్రం నోటితో విడిగా చెప్పండి, కూర్చునే ముందు ఒక వకీల్ని అడగమనండి. స్థలం మామయ్య సొంతంగా కొన్నదా, వాళ్ల నాన్న నుంచి వచ్చిందా అన్నది లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూస్తేగానీ తేలదు. వాటాల లెక్క దాని మీదే ఆధారపడి ఉంది.

రమ_డెస్క్

ఆ వాక్యం కూడా ఒక కన్ను కొట్టినట్టే ఉంది నాకు. చదివినవాడు "మూడు కాకపోతే ఎన్ని" అని అడుగుతాడు.

సాఫ్ట్‌వేర్_సుబ్బు

అడగాలనే కదా.

ఓరుగల్లు_వాణి

నాకైతే అత్తమ్మకి ముందు చెప్పాలనిపిస్తుంది. ఆమె వాటా గురించి ఆమెకన్నా ముందు మీ నాన్నకి చెప్పుడేంది?

పాతగుమాస్తా

వాణి గారి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. న్యాయమైన ప్రశ్న.

కృష్ణాకాలువ

నిన్న ఎవరి భాగాలు వాళ్లకి పంపాను. చిన్నబావ మొదట మండిపడ్డాడు. "ఆ ఇంట్లో ఉంటున్నారు" అని రాశాను కదా, "అమ్మను చూసుకుంటూ ఉంటున్నారు అని రాయి" అన్నాడు. వదినేమో నెలకోసారి వచ్చి అత్తయ్యని ఆసుపత్రికి తీసుకెళ్లేది తనే, అది ఎక్కడా లేదేంటి అంది. చాట్‌లో వెతికితే ఉంది, వదిన ఒక్కసారే చెప్పింది, పండగ శుభాకాంక్షల మధ్య కొట్టుకుపోయింది. పెద్దబావ నుంచి ఇంకా జవాబు రాలేదు.

రమ_డెస్క్

ఇద్దరివీ చేర్చండి, కానీ మీ మాటగా కాదు. "తల్లిగారిని తాను చూసుకుంటూ అక్కడ ఉంటున్నానని చిన్నకుమారుడు అన్నారు." "వైద్యం విషయాలు తాను చూస్తున్నానని కుమార్తె అన్నారు." పరిచయంలో మాత్రం ఉత్త "ఉంటున్నారు" అలాగే ఉండనివ్వండి.

పాతగుమాస్తా

అత్తయ్యకి కూడా చదివి వినిపించారా? ఫోన్లో కాదు, ఎదురుగా. చిన్నబావ ఇంట్లో లేనప్పుడు అయితే మంచిది, ఆవిడ తన మాట తను చెప్పగలుగుతారు.

కృష్ణాకాలువ

శుక్రవారం వెళ్తున్నాను. వాటా సంగతి ఆవిడకి చెప్పాలా వద్దా అన్నది నాన్నతో మాట్లాడి తేల్చుకుంటా. సుబ్బు గారి మాట, రమ గారి మాట రెండూ ఆయనకి చదివి వినిపిస్తాను.

చందు_డల్లాస్

ఆదివారం ఎన్నింటికి? పొద్దున పదింటికి అంటే న్యూజెర్సీలో అర్ధరాత్రి దాటుతుంది. మీ పెద్దబావ నిద్రకళ్లతో వీడియోలో కూర్చుంటే ప్రతి మాటా తప్పుగానే వినిపిస్తుంది, నా అనుభవం. సాయంత్రం ఏడింటికి పెట్టమను. ఆయన జవాబు రాకుండా మాత్రం ఆ కాగితం మిగతావాళ్ల చేతికి ఇవ్వొద్దు.